నింపుకునే రకం పీహెచ్ ఎలక్ట్రోడ్, దాని మీటర్: ఏళ్ల తరబడి వాడాక సమీక్ష

నీటి నమూనాలు పరీక్షించే ల్యాబ్‌లో పని నాది. పీహెచ్ మీటర్ రోజూ చేతిలో ఉంటుంది. పేరుకు మీటర్ సమీక్షే అయినా ఎక్కువగా రాయబోయేది దానికి తగిలించే ఎలక్ట్రోడ్ గురించి. ఎందుకంటే మీటర్ లోపల ఉన్నది ఒక మంచి వోల్ట్‌మీటర్ మాత్రమే, అది అంత త్వరగా పాడవదు. అరిగేదీ మొరాయించేదీ ఎలక్ట్రోడే.

మేం వాడేది గాజు ఒళ్లున్న రకం. పైన చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి పొటాషియం క్లోరైడ్ ద్రావణం నింపుకోవాలి. కింద పల్చటి గాజు బుడగ, దాని పక్కనే చిన్న పింగాణీ చుక్క. ఆ చుక్కనే జంక్షన్ అంటారు. లోపలి ద్రావణం దాని గుండా నమూనాలోకి అతి సన్నగా ఊరుతూ ఉండాలి, అప్పుడే సర్క్యూట్ పూర్తవుతుంది. కొలిచేటప్పుడు పైరంధ్రం మూత తీసి ఉంచమనేది ఇందుకే. లోపలి ద్రావణం మట్టం కూడా బయటి నమూనా మట్టం కంటే పైన ఉండాలి, లేకపోతే ఊట తిరగబడి నమూనాయే లోపలికి వస్తుంది.

క్యాలిబ్రేషన్‌కు మేం వాడే బఫర్లు, అంటే పీహెచ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణాలు, 7.00, 4.01, 10.01. ముందు 7తో మొదలుపెడతాం. అది ఎలక్ట్రోడ్ సున్నా ఎక్కడుందో చెబుతుంది. రెండో బఫర్ వాలు చెబుతుంది, అంటే ఒక పీహెచ్ మారితే ఎన్ని మిల్లీవోల్టులు మారుతున్నాయో. రెండు పాయింట్లు చాలా, మూడు కావాలా అన్నది నమూనాను బట్టే ఉంటుంది. కొలవబోయే విలువ రెండు బఫర్ల మధ్య పడాలి. 5 నుంచి 6.5 మధ్య నీళ్లకు 4, 7 చాలు. ఒకే రోజు 5 నమూనా, 9 నమూనా రెండూ వస్తే మూడూ పెడతాం. మూడో బఫర్‌కు నా దృష్టిలో ఇంకో ఉపయోగం కూడా ఉంది, దాని గురించి కింద రాస్తాను.

చేసే విధానంలో పెద్ద రహస్యం ఏమీ లేదు. బఫర్ కొంచెం చిన్న బీకర్‌లో పోయాలి, వాడింది తిరిగి సీసాలో పోయకూడదు. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, టిష్యూను బుడగకు తాకించి చుక్కను పీల్చుకోనివ్వాలి కానీ రుద్దకూడదు, రుద్దితే గాజు మీద స్టాటిక్ ఛార్జ్ చేరి రీడింగ్ కాసేపు నిలవదు. బఫర్, నమూనా ఒకే ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగాలి. సీసా మీద ఉష్ణోగ్రత పట్టిక ఉంటుంది, అది అలంకారానికి కాదు: 25 డిగ్రీల దగ్గర 10.01 చూపే బఫర్ 20 డిగ్రీల దగ్గర 10.06 అవుతుంది. 7 బఫర్‌కు ఆ తేడా చాలా తక్కువ.

ఇక్కడే ఈ మీటర్ మీద నా మొదటి ఫిర్యాదు. రీడింగ్ కాస్త నిలబడగానే దానంతటదే పాయింట్‌ను ఒప్పేసుకుని క్యాలిబ్రేషన్ అయిపోయిందని చెప్పేస్తుంది. ఎలక్ట్రోడ్ సగం చచ్చి ఉన్నా ఒప్పుకుంటుంది. అందుకే నేను ప్రతిసారీ మిల్లీవోల్ట్ మోడ్‌లోకి వెళ్లి మూడు బఫర్ల అంకెలు నోట్‌బుక్‌లో రాసుకుంటాను. ఈ మోడ్ లేని మీటర్‌ను నేనైతే కొనను.

ఆ అంకెలను చదవడం ఎలాగో మా ఎలక్ట్రోడ్‌తోనే చూపిస్తాను. 25 డిగ్రీల దగ్గర సిద్ధాంతం ప్రకారం ఒక పీహెచ్‌కు 59.16 మిల్లీవోల్టులు, 7 దగ్గర సున్నా. కొత్తలో 7 బఫర్‌లో మైనస్ 3, 4.01లో ప్లస్ 172, 10.01లో మైనస్ 179 వచ్చాయి. 7కూ 4.01కూ మధ్య తేడా 175 మిల్లీవోల్టులు, పీహెచ్ తేడా 2.99. భాగిస్తే 58.5, అంటే దాదాపు 99 శాతం. 10 వైపు కూడా అంతే వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న ఎలక్ట్రోడ్ అంటే ఇదీ.

చాలాకాలం తర్వాత అదే ఎలక్ట్రోడ్ 7లో మైనస్ 21, 4.01లో ప్లస్ 141, 10.01లో మైనస్ 178 చూపించడం మొదలుపెట్టింది. లెక్క వేస్తే 4 వైపు వాలు 54.2, అంటే 92 శాతం లోపు. 10 వైపు 52.2, అంటే 88 శాతం. మీటర్ మాత్రం యథాప్రకారం ఓకే అంది. ఈ స్థితిలో ఎవరైనా 7తో మాత్రమే క్యాలిబ్రేట్ చేసి వదిలేస్తే, మీటర్ వాలు 100 శాతం అనుకుని 4.01 బఫర్‌నే 4.26 అని చూపిస్తుంది. పావు యూనిట్ తేడా, అదీ ఏ హెచ్చరికా లేకుండా.

మూడో బఫర్ ఉపయోగం కూడా ఇక్కడే. 7, 4లతో క్యాలిబ్రేట్ చేసి, 10ని క్యాలిబ్రేషన్‌లో కలపకుండా మామూలు నమూనాలా కొలిచాను. 10.01 రావాల్సిన చోట 9.90 వచ్చింది. అయితే దీన్ని చూసి వెంటనే ఎలక్ట్రోడ్ మీద నేరం మోపకూడదు. మూడు బఫర్లలోనూ త్వరగా చెడేది ఈ పదే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని దాని పీహెచ్ దిగిపోతుంది. అందుకని కొత్త సీసా తెరిచి మళ్లీ చూశాను. అదే మైనస్ 178. అప్పుడు తేలింది, తప్పు బఫర్‌ది కాదని. 4 బఫర్‌కు ఈ గాలి సమస్య ఉండదు కానీ అందులో బూజు పడుతుంది. అడుగున తేలికగా దూదిలా ఏదైనా కదులుతుంటే పారేయడమే.

ఎలక్ట్రోడ్‌లో ఏ భాగం పాడైందో అంకెలే కొంతవరకు చెబుతాయి. 7 దగ్గరి విలువ సున్నా నుంచి దూరంగా జరిగిపోతూ ఉంటే రిఫరెన్స్ వైపు, అంటే పోల్చుకోవడానికి స్థిరంగా ఉండాల్సిన లోపలి భాగం వైపు చూడాలి: లోపలి ద్రావణం పలచబడటం, కలుషితం కావడం లాంటివి. వాలు పడిపోతుంటే గాజు బుడగ మీద పొర పట్టిందనో, గాజు ముసలిదైందనో అనుకోవాలి. కొత్తలో అర నిమిషంలో నిలబడే రీడింగ్ రెండు, మూడు నిమిషాలు పాకుతూ ఉంటే గాజైనా కావచ్చు, జంక్షన్ మూసుకుపోయినా కావచ్చు. మాకు మూడు లక్షణాలూ కలిసే వచ్చాయి.

బాగుచేసే ప్రయత్నం ఎప్పుడూ తేలికైన దానితో మొదలుపెట్టాలి. పాత ద్రావణం సిరంజితో తీసేసి, మాన్యువల్‌లో చెప్పిన కొత్త ద్రావణం నింపాను. తర్వాత 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పావుగంట నానబెట్టి, కడిగి, 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో రాత్రంతా ఉంచాను. నీళ్లలోని సున్నపు పొరకు ఆమ్లం పనిచేస్తుంది. జిడ్డు పడితే తేలికపాటి డిటర్జెంట్ కావాలి, ప్రొటీన్ పొరకైతే ఆమ్లంలో కలిపిన పెప్సిన్. జంక్షన్ నల్లబడి ఉంటే అది చాలావరకు సిల్వర్ సల్ఫైడ్, దానికి థయోయూరియా కలిపిన ఆమ్ల ద్రావణం వాడతారు, గ్లోవ్స్ తప్పనిసరి. ఏ మురికో తెలియకుండా అన్నీ ఒకదాని తర్వాత ఒకటి ప్రయోగించేవాళ్లను చూశాను. ఎలక్ట్రోడ్ దానివల్లే ముందుగా పోతుంది.

మర్నాడు 7లో మైనస్ 9, 4.01లో ప్లస్ 160, 10.01లో మైనస్ 176. వాలు ఒక వైపు 95 శాతం దాటింది, రెండో వైపు 94 దగ్గరికి వచ్చింది. కొత్తదానిలా కాలేదు కానీ మా పనికి సరిపోయింది, ఇంకొన్ని నెలలు లాగింది. నేను పాటించే హద్దులు ఇవి: 95 శాతం పైన ఉంటే మాట్లాడకుండా వాడతాను. 90కీ 95కీ మధ్య అయితే శుభ్రం చేస్తాను. శుభ్రం చేశాక కూడా 90 దాటకపోతే కొత్తది ఆర్డర్ పెడతాను. 7 దగ్గర 30 మిల్లీవోల్టుల కంటే ఎక్కువ తేడా ఉన్నా అంతే.

ఇక ఏ బఫర్‌లో పెట్టినా దాదాపు ఒకే రీడింగ్ చూపిస్తే శుభ్రం చేస్తూ కూర్చోనక్కర్లేదు. బుడగకు పగులు వచ్చి ఉంటుంది, కొన్నిసార్లు వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తేనే కనబడుతుంది. కచ్చితంగా 7.00 దగ్గరే, సున్నా మిల్లీవోల్టుల దగ్గరే బిగుసుకుపోతే కేబుల్‌లోనో కనెక్టర్‌లోనో షార్ట్ ఉందేమో ముందు చూడండి. కనెక్టర్‌లో తడి చేరినా ఇలాగే అవుతుంది.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది మాత్రం వేరే రకం లోపం. బఫర్లన్నిట్లో చక్కగా ఉంటుంది, వాలు 96 శాతం చూపిస్తుంది, కానీ ఉప్పు చాలా తక్కువున్న నీళ్లలో పెడితే రీడింగ్ ఎంతకీ కుదురుకోదు. కలియబెడితే ఒక అంకె, ఆపితే ఇంకో అంకె. బఫర్లలో అయాన్లు పుష్కలంగా ఉంటాయి కాబట్టి సగం మూసుకుపోయిన జంక్షన్ కూడా అక్కడ నెట్టుకొస్తుంది, పలచటి నీళ్లలో దాని గుట్టు బయటపడుతుంది. అందుకే క్యాలిబ్రేషన్ పాసైంది కదా అని మేం ఊరుకోం. జంక్షన్‌ను గోరువెచ్చని పొటాషియం క్లోరైడ్‌లో నానబెట్టి, లోపలి ద్రావణం పైదాకా నింపి, నమూనాలో కూడా చిటికెడు శుద్ధ పొటాషియం క్లోరైడ్ వేసి చూస్తాం. రీడింగ్ అప్పుడు త్వరగా కుదురుకుంటే సమస్య జంక్షన్‌దీ పలచటి నమూనాదీ, గాజుది కాదు.

నిల్వ విషయంలో ఒక్కటే మాట. డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచొద్దు, లోపలి లవణాలు బయటకు లాగేసుకుంటుంది, గాజు పైపొర కూడా పాడవుతుంది. మూతలో 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ చాలు. మూత చుట్టూ తెల్లటి ఉప్పు పేరుకుంటే కంగారుపడనక్కర్లేదు, కడిగేస్తే పోతుంది. ఎండిపోయిన ఎలక్ట్రోడ్‌ను అదే ద్రావణంలో రాత్రంతా నానబెడితే చాలాసార్లు తిరిగి వస్తుంది.

నింపుకునే రకానికి కాస్త పని ఎక్కువ. మూత తీయడం మర్చిపోయేవాళ్లు ఎక్కువమంది వాడే చోట లోపల జెల్ ఉన్న మూసేసిన రకమే నయం, దానికి నింపే బాధ లేదు. కాకపోతే దాని రిఫరెన్స్ పోతే మార్చడానికి ఏమీ ఉండదు, మొత్తం పారేయాలి. ఒకరిద్దరే జాగ్రత్తగా వాడే ల్యాబ్‌కు నేను ఇప్పటికీ నింపుకునే రకాన్నే చెబుతాను, ఐదుకు నాలుగు మార్కులు. ఆ తగ్గించిన ఒక్క మార్కు మీటర్‌ది: 88 శాతం వాలున్న ఎలక్ట్రోడ్‌కు కూడా ఓకే చెప్పినందుకు.