నల్ల కళ్లద్దాల ఫోటో ఇచ్చి ముఖం మార్పించుకుంటున్నారా? అడ్వాన్సు కట్టే ముందు ఇది చదవండి

హనుమకొండ, కాజీపేట వైపు చాలా ఫోటో షాపుల్లో ఇప్పుడు పోయినవాళ్ల ముఖాన్ని వేరే మనిషి ఫోటోలో పెట్టి ఫ్రేమ్ కట్టి ఇస్తున్నారు. మా పెద్దబాపు సంవత్సరీకానికి మేమూ ఒక షాపులో చేయించాం. ఆయనది స్పష్టంగా ఉన్న ఫోటో ఒక్కటే దొరికింది. మేడారం జాతరలో ఫోన్‌తో తీసింది. కంటి ఆపరేషన్ తర్వాత పెట్టుకునే నల్లద్దాలు, నెత్తిన టోపీ. పెద్దమ్మకేమో ఆయన పంచె, కండువాతో కూర్చున్నట్టు కావాలి. షాపతను తన దగ్గరున్న ఒక పెద్దమనిషి ఫోటో చూపించి, "అద్దాలు, టోపీ సాఫ్ట్‌వేరే తీసేస్తది, టెన్షన్ పడకండి" అన్నాడు.

ఫ్రేమ్ ఇంటికొచ్చాక పెద్దమ్మ కాసేపు చూసి, "ఈ కండ్లు మీ పెద్దబాపువి కావురా" అంది. నిజమే. ముక్కు, నోరు, గడ్డం ఆయనవే. కళ్లు మాత్రం షాపులోని ఆ పెద్దమనిషి కళ్లలా ఉన్నాయి. కళ్ల కింద అద్దాల ఫ్రేమ్ ఉండే చోట పల్చని నల్లటి మరక కూడా వచ్చింది.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే షాపులో ఏం అడగాలో మీకే తెలుస్తుంది. ఈ పనికి ఎక్కువగా వాడే ఏఐ మోడల్ పేరు inswapper_128. మనం ఇచ్చిన ఫోటోను అది కత్తిరించి అతికించదు. ముందు కళ్లు రెండు, ముక్కు కొన, నోటి మూలలు రెండు, మొత్తం 5 గుర్తులు వెతుకుతుంది. వాటి ఆధారంగా ముఖాన్ని 112×112 పిక్సెళ్ల చిన్న బొమ్మగా సర్ది, ఆ మనిషి పోలికలను 512 అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెలతోనే అవతలి ఫోటోలోని, అంటే షాపతను చూపించిన లాంటి ఫోటోలోని ముఖాన్ని మళ్లీ గీస్తుంది. కళ్లు అద్దాల వెనక ఉంటే ఆ అంకెల్లో కళ్ల సమాచారమే ఉండదు. అయినా అవతలి ఫోటోలో కళ్లు తెరిచే ఉన్నాయి కాబట్టి ఏదో ఒకటి గీయాలి. సగం అవతలి మనిషివి, సగం ఊహించినవి వస్తాయి. ఆ పైన మసక ముఖాలను స్పష్టంగా చేసే GFPGAN లేదా CodeFormer తో మెరుగు పెడితే ఆ ఊహ కళ్లే ఇంకా మెరుస్తూ, నిజమైనవాటిలా కనిపిస్తాయి.

"సాఫ్ట్‌వేర్‌లో మాస్క్ వేస్తే సరిపోతుంది" అని కూడా ఆ షాపులో చెప్పారు. ఇది పూర్తిగా తప్పు. ఆ మాస్క్ పని వేరు. అవతలి ఫోటోలో ముఖానికి అడ్డంగా చెయ్యో మైకో ఉంటే దాన్ని చెరిగిపోకుండా కాపాడుతుంది. మనం ఇచ్చిన ఫోటోలో దాగిన కళ్లను అది బయటికి తేలేదు.

టోపీ సంగతి వేరు. నుదురు పైభాగం, జుట్టు ఎప్పుడూ అవతలి ఫోటోవే ఉండిపోతాయి. మీ ఫోటోలో టోపీ ఉన్నా లేకపోయినా అంతే. మా పెద్దబాపుది బట్టతల, షాపు ఫోటోలో మనిషికి నిండా జుట్టు. దాంతో పోలిక ఇంకా దూరమైంది. అందుకే తల ఆకారం, నుదురు కలిసే మనిషి ఫోటోనే ఎంచుకోవాలి.

పరీక్షించే పద్ధతి ఒకటుంది. మీ ఫోటోను ఇద్దరు వేరు వేరు మనుషుల ఫోటోల మీద వేయించి, మెరుగు పెట్టకముందే చూపించమనండి. చూపు అటూ ఇటూ మారితే పర్వాలేదు. కళ్ల ఆకారం, రెప్పలు, కనుబొమ్మలు మనిషిని బట్టి మారిపోతుంటే అవి మీవాళ్లవి కావు.

మాకు చివరికి పనికొచ్చింది పాత బ్యాంకు దరఖాస్తు కోసం దిగిన పాస్‌పోర్టు సైజు ఫోటో. చిన్నదే, కాస్త మసక కూడా. కానీ కళ్లు తెరిచి ఉన్నాయి. ఎలాగూ 112 పిక్సెళ్లకు కుదిస్తుంది కనుక అద్దాలున్న పెద్ద ఫోటో కంటే ఇలాంటి చిన్నదే మేలు. పట్టాదారు పాస్‌బుక్కు, పాత ఓటరు కార్డు కూడా వెతకండి. రెండు మూడు దొరికితే అన్నీ ఇవ్వండి, FaceFusion లాంటి ముఖం మార్చే సాఫ్ట్‌వేర్లలో కలిపి వాడే వీలుంది. నల్లద్దాలది మాత్రం అందులో కలపనివ్వకండి.

పంచెకట్టుతో మా బాబాయిని కూర్చోబెట్టి, ఆయన ఒప్పుకున్నాకే ఫోటో తీయించి, దాని మీద వేరే చోట వేయించాం. సొంత తమ్ముడే కాబట్టి నుదురు, బట్టతల సరిపోయాయి. పెద్దబాపు ఎడమ రెప్ప కొంచెం వాలి ఉండటం మాత్రం రాలేదు. దాన్ని ఎడిటర్ పాస్‌పోర్టు ఫోటో చూస్తూ చేత్తో దిద్దాడు. ఇప్పుడు పెద్దమ్మ ఒప్పుకుంది.

మొదటి షాపతను "ముఖం మార్చాం కదా" అని అడ్వాన్సు వెనక్కి ఇవ్వలేదు. కాబట్టి కళ్లు ఏ ఫోటో నుంచి తీసుకుంటారో, ఇంట్లోవాళ్లు గుర్తుపట్టకపోతే డబ్బు వాపసు ఇస్తారో లేదో బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే అక్కడ పని ఇవ్వకండి.