600 నిట్ల మానిటర్ మీద హెచ్‌డీఆర్ గ్రేడింగ్: క్లిప్, టోన్ మ్యాప్, సీలింగ్... ఏది మేలు?

నా మానిటర్ చిన్న మెరుపులకు 600 నిట్ల దాకా పోతుంది. స్క్రీన్ మొత్తం తెల్లగా ఉంటే 350 దగ్గరే ఆగిపోతుంది. నాలాంటి మానిటర్‌తోనే హెచ్‌డీఆర్ పనులు ఒప్పుకునేవాళ్ళు చాలామంది. పీక్యూ సిగ్నల్‌లో 1000 నిట్ల మెరుపు ఉంటే ఈ మానిటర్ దాన్ని చూపలేదు. చూపలేని ఆ భాగాన్ని ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. దారులు మూడున్నాయి. 600 దాటినదాన్ని కోసేయడం (క్లిప్), పైభాగాన్ని నొక్కి 600 లోపల ఇరికించడం (టోన్ మ్యాప్), అసలు గ్రేడ్‌నే 600 దాటకుండా కట్టడి చేయడం (సీలింగ్).

ఒక పెళ్ళి షాట్‌తో చెబుతాను. రాత్రి మండపం, మధ్యలో హోమగుండం, పక్కన పెళ్ళికూతురు. ముఖం 60 నిట్ల దగ్గర ఉంది. మంట నడిబొడ్డున ఆర్‌జీబీ పెరేడ్‌లో ఎరుపు 1000, ఆకుపచ్చ 450, నీలం 60 స్థాయిల్లో ఉన్నాయి. లుమినెన్స్ లెక్క కడితే ఈ మంట సుమారు 570 నిట్లే. వేవ్‌ఫామ్‌లో ఒక్క లుమినెన్స్ గీతనే చూస్తే, 600 లోపలే ఉంది కదా అని ధీమాగా ఉంటాం. నేనూ అలాగే ఉన్నాను. కానీ మానిటర్ 600 నిట్లు ఇచ్చేది మూడు రంగులూ కలిసి తెలుపు అయినప్పుడు. ఎరుపు ఒక్కటే తన వంతు దాటి ఒక్క అడుగు కూడా పోలేదు. అందుకని క్లిప్ మోడ్‌లో ఎరుపు 600 దగ్గర తెగిపోయింది, ఆకుపచ్చ 450 అలాగే ఉంది. రెండింటి మధ్య నిష్పత్తి 2.2 నుంచి 1.3కి పడింది. నారింజ మంట పసుపుగా కనబడింది.

మంట పాలిపోయిందనుకుని ఆకుపచ్చ తగ్గించి రంగు సరిచేశాను. నా తెర మీద చక్కగా కుదిరింది. తర్వాత 1000 నిట్లు ఇచ్చే టీవీలో చూస్తే మంటకు కుంకుమ పూసినట్టుంది! తప్పు సిగ్నల్‌లో లేదు, మానిటర్‌లో ఉంది. నేను మానిటర్ తప్పును సిగ్నల్‌లో దిద్దాను.

ఇంత జరిగినా క్లిప్‌ను నేను తీసిపారేయను. అది 600 కింద అబద్ధం చెప్పదు. ముఖం, చీర, గోడ, నీడ అన్నీ ఉన్న విలువలోనే కనిపిస్తాయి. చిత్రంలో ఎక్కువ భాగం ఉండేది అక్కడే. ఐటీయూ సూచనల్లో హెచ్‌డీఆర్ రిఫరెన్స్ తెలుపే 203 నిట్లు, దాని పైన ఉండేవి మెరుపులూ దీపాలూ ఆకాశమూ. పైన ఏముందో చూడాలంటే చివర్లో, చూడటానికి మాత్రమే ఒక నోడ్ పెట్టి, సిగ్నల్‌ను లీనియర్‌లోకి తెచ్చి, గెయిన్ 0.5 చేసి, మళ్ళీ పీక్యూలోకి పంపుతాను. చిత్రమంతా సగం వెలుతురుకు దిగుతుంది. 1200 నిట్ల దాకా ఉన్నది ఇప్పుడు మానిటర్ పరిధిలోకి వచ్చినట్టే. మంట అసలు రంగు, అందులోని పొరలు తెలుస్తాయి. పీక్యూ మీద నేరుగా గెయిన్ తగ్గిస్తే మాత్రం ఈ లెక్క కుదరదు, ఎందుకంటే ఆ వక్రరేఖ మీద సిగ్నల్ సగమైతే వెలుతురు సగం కాదు. ఈ కిటుకుతో రంగూ వివరమూ తెలుస్తాయి గానీ, చీకట్లో ఆ మంట కంటికి ఎంత గట్టిగా తగులుతుందన్నది తెలియదు. అది చూడాలంటే అంత వెలుతురు ఇచ్చే తెర ఉండాల్సిందే.

ఇక టోన్ మ్యాప్. చూడటానికి హాయిగా ఉంటుంది. మంటలో పొరలు కనిపిస్తాయి, ఏదీ తెగదు. చాలామంది ఇందుకే దీన్ని ఆన్ చేసి పెట్టుకుంటారు. కానీ మానిటర్ ఎక్కడి నుంచి నొక్కడం మొదలుపెడుతుందో మనకు చెప్పదు. 300 నుంచి నొక్కుతుందనుకుందాం. 400 ఉన్న తెల్ల పంచె, 1000 ఉన్న దీపం రెండూ దగ్గర దగ్గరగా వచ్చేస్తాయి. దీపం చప్పగా ఉందని పైకి లేపుతాం, పంచె ఎక్కువైందని దించుతాం. రెండూ తప్పే. క్లిప్‌లో కనీసం ‘ఇక్కడి నుంచి నాకు తెలియదు’ అనే గీత ఒకటి ఉంటుంది. టోన్ మ్యాప్‌లో ఆ గీత కూడా ఉండదు. గ్రేడింగ్‌కు దీన్ని వాడొద్దనే నా మాట. పని అయ్యాక, మామూలు టీవీలో ఎలా ఉంటుందో ఒకసారి చూసుకోవడానికైతే సరే.

మూడోది సీలింగ్. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మ్‌లో గరిష్ఠాన్ని 600 పెట్టి, ఏ రంగు ఛానెలూ దాన్ని దాటకుండా మెత్తగా వంచడం. పైకి టోన్ మ్యాప్ లాగే అనిపిస్తుంది గానీ తేడా పెద్దది. ఇక్కడ వంపు ఫైల్‌లోనే ఉంటుంది, కాబట్టి మనం చూసిందే ప్రేక్షకుడికి వెళుతుంది. అదే హోమం మంట నిష్పత్తి చెడకుండా దిగితే ఎరుపు 580, ఆకుపచ్చ 260 అవుతాయి. లుమినెన్స్ సుమారు 330 నిట్లు. ముఖం కంటే తొమ్మిదిన్నర రెట్లు ఉండాల్సిన మంట ఐదున్నర రెట్లకు వచ్చింది. పోయింది అంతే. రంగు నిజం, పొరలు నిజం. 1000 నిట్ల టీవీ కూడా దాన్ని 330గానే చూపుతుంది, వివిడ్ మోడ్‌లో పెడితే తప్ప. మెటాడేటాలో మాస్టరింగ్ డిస్‌ప్లే గరిష్ఠం కూడా 600 అనే రాయాలి. అలవాటుగా 1000 రాస్తే, 700 నిట్ల టీవీ లేని మెరుపుల కోసం ఉన్నవాటిని అనవసరంగా నొక్కే ప్రమాదం ఉంది. `MaxCLL` లెక్క కూడా లుమినెన్స్‌తో కాదు, మూడు ఛానెళ్ళలో పెద్దదానితో కడతారు. మన మంట లాంటిదాన్ని పట్టుకునేది అదే.

మూడు దారుల్లో ఏది పట్టినా వదలని బాధ ఒకటుంది. తెరంతా వెలుగైతే మానిటర్ తనంతట తానే తగ్గిపోతుంది. రాత్రి హోమం షాట్‌లో ఏ గొడవా లేదు, వెలుగు చిన్న భాగమే కదా. మర్నాడు ఉదయం ఎండలో తెల్లటి గుడి ప్రాంగణం వచ్చేసరికి మానిటర్ 350కి దిగింది, ముఖం కూడా దానితోపాటే మసకబారింది. అది చూసి ముఖాన్ని లేపితే రెండు షాట్లూ ఎప్పటికీ కలవవు. మీ మానిటర్‌లో ఇది ఎంతుందో ఇలా చూడొచ్చు. నల్లటి తెర మధ్యలో 203 నిట్ల చిన్న చతురస్రం పెట్టండి. తర్వాత చుట్టూ 500 నిట్ల తెలుపు నింపండి. మీటర్ పెట్టి కొలిస్తే నా దగ్గర ఆ చతురస్రం 140 దగ్గరికి పడింది. అందుకే ఎండ షాట్లలో ముఖాన్ని కంటితో తేల్చను. పక్క షాట్‌తో పోల్చి వేవ్‌ఫామ్‌లో కలుపుతాను.

నీడల సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. లోకల్ డిమ్మింగ్ లేని 1000:1 ఐపీఎస్ ప్యానెల్‌లో గరిష్ఠం 600 అయితే నలుపు 0.6 నిట్లు. పీక్యూలో ఒక నిట్ కిందనే సిగ్నల్‌లో సుమారు 15 శాతం ఉంది. అందులో చాలాభాగం ఆ ప్యానెల్‌కు ఒకే బూడిద రంగు.

నా పద్ధతి ఇది: సీలింగ్‌తో గ్రేడ్, మానిటర్ క్లిప్ మోడ్‌లో, పెరేడ్ ఎప్పుడూ తెరిచి. సీలింగ్‌లో గ్రేడ్ చేస్తే క్లిప్‌కు తెగడానికి ఏమీ మిగలదు, ఎక్కడైనా తెగిందంటే నేనే ఏదో నోడ్ తప్పు పెట్టానని అర్థం. అయితే క్లయింట్ డాల్బీ విజన్ మాస్టర్ అడిగితే ఈ సర్దుబాటు నడవదు, దానికి మాస్టరింగ్ మానిటర్ కనీసం 1000 నిట్లు ఇవ్వాలి. అప్పుడు అలాంటి మానిటర్ ఉన్న స్టూడియోను ఒక రోజుకు అద్దెకు తీసుకుంటాను. సీలింగ్ తీసేసి, మంటలూ దీపాలూ ఎండా ఉన్న షాట్లు మాత్రమే అక్కడ చూస్తాను. మిగతాదంతా ఇంట్లోనే తేలిపోయి ఉంటుంది.