పాపం వైర్‌గార్డ్‌ది కాదు: డాలస్ నుంచి 15 నెలల వాడకం

డాలస్‌లోని ఇంటి నుంచి హైదరాబాద్ ఆఫీసు సర్వర్‌లోకి 15 నెలలుగా వైర్‌గార్డ్ అనే వీపీఎన్ మీదుగానే వెళ్తున్నాను. లాప్‌టాప్ తెరవగానే కలుస్తుంది, వైఫై మారినా తెగదు అని మొదటి వారం అందరికీ చెప్పాను. పని ఫోల్డర్ కాపీ చేసిన రోజుతో ఆ మురిపెం తీరింది. 1,200 చిన్న డ్రాయింగులు, అన్నీ కలిపి 60 ఎంబీ. ఇరవై నిమిషాలు పట్టింది.

ఆరు నెలలు వీపీఎన్‌నే తిట్టుకున్నాను. ఆఫీసులో అడిగితే ఇంటి ఇంటర్నెట్ పెంచుకోమన్నారు. పెంచాను. బిల్లు పెరిగింది, ఆ ఇరవై నిమిషాలు అలాగే ఉన్నాయి. ఆ కోపంలోనే ఒక ఆదివారం కూర్చుని కొలిచాను.

వీపీఎన్ ఆపి ఆఫీసు బయటి చిరునామాకు పింగ్ చేస్తే రానూపోనూ 238 మిల్లీసెకన్లు, వీపీఎన్ లోపలి నుంచి 241. అంటే వీపీఎన్ వాటా మూడే. మిగిలినదంతా దూరం. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు. ఇక్కడి నుంచి హైదరాబాద్ సుమారు 14,000. తీగ తిన్నగా వేసినా రానూపోనూ 140 మిల్లీసెకన్లు తప్పవు, అసలు తీగలేమో తిన్నగా పోవు.

తర్వాత అవే డ్రాయింగులను సర్వర్ మీదే ఒక జిప్‌గా కట్టి తెచ్చుకున్నాను. 15 సెకన్లు! దారి ఇరుకు కాదన్నమాట.

దొంగ ఎస్‌ఎమ్‌బీ, అంటే ఫైళ్లు పంచే ఆ పాత పద్ధతి. ప్రతి ఫైలుకూ తెరవనా, పరిమాణమెంత, చదవనా, మూయనా అని అడిగి, ఒక్కో జవాబు వచ్చేదాకా ఆగుతుంది. నాలుగు ప్రశ్నలంటే ఫైలుకు దాదాపు ఒక సెకను. 1,200 ఫైళ్లకు లెక్క మీరే వేసుకోండి. ఆఫీసులో ఒక్కో ప్రశ్నకు మిల్లీసెకను కూడా పట్టదు కాబట్టి నా గోడు అక్కడ ఎవరికీ అర్థం కాలేదు.

ఇప్పుడు ఉదయాన్నే ఇది నడుపుతాను:

```
robocopy \\10.8.0.5\projects D:\projects /E /MT:32
```

ఒకేసారి 32 ఫైళ్ల ప్రశ్నలు బయలుదేరుతాయి, ఎదురుచూపులు ఒకదానిపై ఒకటి పడతాయి. నిమిషంన్నరలో అయిపోతుంది. అయితే సర్వర్‌లోని ఫోల్డర్‌ను నేరుగా తెరిచి చూడటం ఇప్పటికీ నరకమే. పైగా నేను నా కాపీ మీద పని చేస్తుండగా అక్కడ మరొకరు అదే డ్రాయింగును మార్చితే, సాయంత్రం నా కాపీని తిరిగి సర్వర్‌లో పెట్టినప్పుడు ఒకరి పని పోతుంది.

వైఫై మారినా తెగదన్న మాటకూ చిన్న సవరణ. ఒక హోటల్లో పింగ్ వెళ్లింది, ఫైలు మాత్రం మొదలై ఆగిపోయింది. ఒక్కో ప్యాకెట్ ఎంత పెద్దదిగా ఉండొచ్చో చెప్పే ఎమ్‌టీయూను 1420 నుంచి 1280కి తగ్గించాకే కదిలింది.

నా డ్రాయింగులు చిన్నవి, వాటిని ముట్టుకునేవాళ్లు ఇద్దరే కాబట్టి నాకు ఇది సరిపోయింది. పదిమంది ఒకే ఫైలు మీద పడే ఆఫీసైతే నేను రిమోట్ డెస్క్‌టాప్ అడిగి ఉండేవాణ్ణి.