జర్మన్ భాషలో బి1 చాలా, బి2 దాకా పోవాలా?

నెల్లూరు, ఒంగోలు వైపు బీఎస్సీ నర్సింగ్ చేసి జర్మనీ పోవాలనుకునే పిల్లలు మొదట అడిగేది ఇదే. చాలామంది ఈ భాషా స్థాయిల్ని ఆరో తరగతి, ఏడో తరగతి లెక్కన చూస్తారు, ఇన్ని పాఠాలైతే ఇది, అన్నైతే అది అని. కానీ కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ఏ1 నుంచి సి2 దాకా ఈ ఆరు స్థాయిల్ని పెట్టినప్పుడు రాసింది, ఆ మనిషి ఆ భాషతో ఏ పని చేయగలడన్నదే.

ఏ1లో పేరు, ఊరు చెప్పగలరు, అదీ అవతలివాళ్లు నిదానంగా మాట్లాడి సాయపడితే. ఏ2లో కొనడం, దారి అడగడం లాంటి రోజువారీ పనులు జరిగిపోతాయి. అసలు తేడా ఆ తర్వాతే.

రాత్రి డ్యూటీలో ఓ పెద్దాయన మంచం దగ్గర పడిపోయాడనుకోండి. బి1 వచ్చిన అమ్మాయి "పేషెంట్ పడిపోయారు, తుంటి నొప్పి అంటున్నారు, బీపీ చూశాను, మీరు రండి" అని డాక్టరుకి ఫోన్‌లో చెప్పేస్తుంది. తెలిసిన విషయమైతే వరసగా చెప్పడం, ఎందుకో ఒక ముక్కలో చెప్పడం, ఇదే బి1. ఇప్పుడు డాక్టరు "పొద్దున చూద్దాంలే" అన్నాడు. సాయంత్రం మాత్ర మార్చినప్పటి నుంచీ తల తిరుగుతోందన్నారు, అందుకే పడ్డారేమో, పొద్దున దాకా ఆగడం ప్రమాదం అని కారణాలు చూపించి ఆయన్ని ఒప్పించాలి, అప్పుడే పేషెంట్ కూతురు ఫోన్ చేసి గడగడా అడిగితే జవాబివ్వాలి. ఇది బి2 పని. ఇద్దరిలో ఎవరికీ శ్రమ అనిపించకుండా మాట సాగాలన్నది ఆ స్థాయి వర్ణనలోనే ఉంది.

సి1లో పైకి చెప్పని అర్థం కూడా పట్టుకుంటారు, మాట కోసం పెద్దగా తడుముకోరు. సి2 అంటే పుట్టు భాష లాగా అని ప్రచారం ఉంది గానీ, దాని అర్థం అది కాదని ఈ స్థాయిల్ని వివరించిన కౌన్సిల్ పుస్తకంలోనే రాశారు. చదివింది, విన్నది దాదాపు అంతా తేలిగ్గా అర్థం చేసుకుని, చిన్న చిన్న అర్థభేదాలు కూడా స్పష్టంగా చెప్పగలగడమే సి2.

మరి ఏది మేలు? అక్కడికెళ్లి ఔస్‌బిల్డుంగ్ అనే వృత్తి శిక్షణలో చేరి మళ్లీ మొదటినుంచి నేర్చుకునేవాళ్లకి సాధారణంగా బి1 చాలు. ఇక్కడి డిగ్రీతో నర్సుగా గుర్తింపు కావాలంటే ఎక్కువ చోట్ల బి2 అడుగుతారు, అడగకపోయినా ఆ రాత్రి డ్యూటీ కోసం నేను బి2 అనే అంటాను.

ఇంకోటి, ఒక మనిషికి అన్నిట్లో ఒకే స్థాయి ఉండదు. మనవాళ్లకి చదవడం బి2లో ఉంటే మాట్లాడటం బి1లోనే ఆగుతుంది. గోథే సంస్థ పెట్టే బి1, బి2 పరీక్షల్లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం విడివిడిగా ఉంటాయి, ఒక్కోదాంట్లో 100కి 60 రావాలి, పోయినదాన్ని మళ్లీ రాసుకోవచ్చు. ఫీజు కట్టే ముందు ఇంట్లోనే చూసుకోండి: ఏదైనా జరిగిన సంగతి జర్మన్‌లో చెప్పి, పక్కనున్నవాళ్లని "అలా ఎందుకు చేశావు, ఇంకోలా చేయొచ్చు కదా" అని అడ్డు తగలమనండి. సంగతి చెప్పగలిగి వాదన దగ్గర ఆగిపోతే, మీరింకా బి1లోనే ఉన్నట్టు.