లెక్చర్ వీడియోని చాప్టర్లుగా విడగొట్టడం: స్లైడ్లూ ట్రాన్‌స్క్రిప్టూ కలిపి చాలాకాలం వాడాక

గంటసేపు సాగే క్లాస్ రికార్డింగులను చాప్టర్లుగా విడగొట్టే పని చాలాకాలంగా రెండు ఆధారాలతో చేస్తున్నాను. ఒకటి తెర మీద స్లైడ్ మారడం, రెండోది ట్రాన్‌స్క్రిప్టులో విషయం మారడం. ముందే తేల్చి చెప్పేస్తాను: రెండూ కలిపితే బాగా పనిచేస్తుంది, విడిగా దేన్ని నమ్ముకున్నా తలనొప్పే. స్లైడ్ మార్పు టైమును సెకనుతో సహా చూపిస్తుంది గానీ, అక్కడ కొత్త విషయం మొదలైందో లేదో దానికి తెలియదు. ట్రాన్‌స్క్రిప్టుని చూస్తే విషయం మారిందని తెలుస్తుంది గానీ, సరిగ్గా ఎక్కడ అంటే అది అరనిమిషమో నిమిషమో అటూ ఇటూగా చూపిస్తుంది. అందుకే చాప్టర్ పెట్టాలా వద్దా అన్నది మాటల్ని బట్టి, ఎక్కడ పెట్టాలన్నది స్లైడ్‌ని బట్టి నిర్ణయిస్తాను. మిగతాదంతా ఈ రెంటినీ కుదర్చడమే.

స్లైడ్ మార్పులకు `ffmpeg` చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

```
ffmpeg -i lecture.mp4 -vf "crop=1440:1080:0:0,fps=1,select='gt(scene,0.03)',showinfo" -an -f null - 2> frames.txt
```

ఇందులో మూడు విషయాలు గమనించాలి. `crop` దేనికంటే, 1920 పిక్సెళ్ల వెడల్పున్న వీడియోలో కుడివైపు లెక్చరర్ కెమెరా బొమ్మ ఉంటే దాన్ని కోసేయడానికి. అది లోపలే ఉంటే ఆయన చెయ్యి ఊపిన ప్రతిసారీ స్లైడ్ మారినట్టు లెక్కలోకి వస్తుంది. `fps=1` పెడితే పక్కపక్క ఫ్రేములను కాకుండా సెకనుకో ఫ్రేమును తీసుకుని పోలుస్తుంది. ఒక స్లైడ్ మెల్లగా కరిగి ఇంకో స్లైడ్ తేలే ఎఫెక్ట్ ఉన్న చోట ఇది తప్పనిసరి, లేకపోతే మార్పు పాతిక ఫ్రేముల్లో పలచబడిపోయి ఏ ఒక్కచోటా థ్రెషోల్డ్ దాటదు. ఇక థ్రెషోల్డ్ సంగతి. సినిమా షాట్ల కోసం చాలామంది 0.3, 0.4 వాడతారు. స్లైడ్ల విషయంలో అది దండగ, ఎందుకంటే తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద నాలుగు లైన్లు పోయి వేరే నాలుగు లైన్లు వస్తే తెరలో తొంభై శాతం అలాగే ఉంటుంది. నేను 0.03 దగ్గర మొదలుపెట్టి, అవసరమైతే ఇంకా కిందకి దించుతాను. ఎక్కువ మార్పులు దొరికితే తర్వాత వడకట్టుకోవచ్చు. అసలు దొరకనివాటిని తర్వాత ఏం చేసీ తేలేం.

వడకట్టడమంటే ముఖ్యంగా యానిమేషన్ పాయింట్ల పని పట్టడమే. ఒక్కో పాయింటు క్లిక్ చేస్తే వచ్చే స్లైడ్ ఆరు మార్పులుగా కనబడుతుంది. దీనికి నాకు దొరికిన తేలికైన ఉపాయం ఏమిటంటే, ఎంత కొత్తగా వచ్చిందో కాకుండా పాతది ఎంత పోయిందో చూడటం. పాయింటు చేరినప్పుడు పాత అక్షరాలన్నీ ఉన్నచోటే ఉంటాయి. స్లైడ్ నిజంగా మారితే చాలావరకు పోతాయి.

```
old = a < 128
new = b < 128
lost = (old & ~new).sum() / old.sum()
```

`a`, `b` అనేవి మార్పుకి ముందూ తర్వాతా తీసిన గ్రేస్కేల్ ఫ్రేములు. `lost` 0.1 లోపు ఉంటే అది అదే స్లైడ్. నల్ల బ్యాక్‌గ్రౌండ్ స్లైడ్లకు గుర్తు తిప్పుకోవాలి. ఇంకోటి, `b` ఫ్రేమును మార్పు జరిగిన క్షణంలో కాకుండా రెండు సెకన్లు ఆగి తీసుకోండి. తక్కువ బిట్‌రేట్ రికార్డింగుల్లో కొత్త స్లైడ్ ముందు మసకగా వచ్చి తర్వాత తేరుకుంటుంది. ఆ మసక ఫ్రేముతో పోలిస్తే లెక్క అడ్డంగా తప్పుతుంది.

ట్రాన్‌స్క్రిప్టు వైపు పాత పద్ధతి ఒకటుంది, టెక్స్ట్‌టైలింగ్. మార్టీ హర్స్ట్ 1997లో ప్రచురించింది. ఒక బిందువుకి ముందున్న మాటల్నీ తర్వాతున్న మాటల్నీ పోల్చి, పోలిక ఎక్కడ బాగా పడిపోయిందో అక్కడ విషయం మారిందనుకుంటుంది. ఆలోచన ఇప్పటికీ బంగారమే. కానీ `NLTK` అనే పైథాన్ లైబ్రరీలో ఉన్న రెడీమేడ్ రూపాన్ని తెలుగు లెక్చర్ మీద వాడబోతే రెండు గోడలు తగులుతాయి. మొదటిది, దానికి ఖాళీ లైన్లతో విడగొట్టిన పేరాలు కావాలి, ట్రాన్‌స్క్రిప్టులో పేరాలే ఉండవు. రెండోది ఇంకా దారుణం. అది ఇంగ్లిష్ చిన్నక్షరాలు, హైఫన్, అపాస్ట్రఫీ, ఖాళీలు తప్ప మిగతావన్నీ తీసేస్తుంది. అంటే తెలుగు లిపి మొత్తం ఎగిరిపోతుంది! ఆ అడ్డు తీసేసి సొంతంగా రాసుకున్నా మన భాషతో ఇంకో చిక్కుంది. ప్రాసెస్, ప్రాసెస్‌కి, ప్రాసెస్‌లో, ప్రాసెస్‌లన్నీ అనేవి మాటల్ని లెక్కపెట్టే పద్ధతికి నాలుగు వేర్వేరు మాటలు. విషయం మారకపోయినా పోలిక తక్కువగానే కనబడుతుంది.

అందుకని నేను మాటలు లెక్కపెట్టడం మానేసి, ఒక్కో వాక్యాన్ని `LaBSE` మోడల్‌తో వెక్టర్‌గా మార్చి, ముందు రెండు నిమిషాల సగటునీ తర్వాతి రెండు నిమిషాల సగటునీ పోలుస్తున్నాను. ఆ మోడల్‌కి తెలుగు వచ్చు, మధ్యలో ఇంగ్లిష్ మాటలు దొర్లినా ఇబ్బంది లేదు. ఇరవై సెకన్లకోసారి ఈ పోలిక తీసి గీత గీస్తే, విషయం మారిన చోట లోయలు కనబడతాయి. ఎంత కిందికి దిగిందన్నది కాదు, రెండువైపులా ఉన్న గట్లతో పోలిస్తే ఎంత లోతుందన్నది చూడాలి. రెండు నిమిషాల కిటికీని అరనిమిషానికి కుదిస్తే ప్రతి జోకూ ఒక లోయే. ఐదు నిమిషాలకు పెంచితే చిన్న అంశాలు మాయమైపోతాయి.

ఇదంతా ఎలా కలుస్తుందో ఒక లెక్చర్ మీద చూపిస్తాను. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో సీపీయూ షెడ్యూలింగ్ క్లాసు, 58 నిమిషాలు. స్లైడ్ మార్పులు మాత్రమే చూస్తే వందకు పైగా వచ్చాయి. అందులో సగానికి సగం రౌండ్ రాబిన్ గాంట్ చార్ట్ దగ్గరివే. టైమ్ స్లైస్ తర్వాత టైమ్ స్లైస్, ఒక్కో డబ్బా వచ్చి చేరుతూ ఏడు నిమిషాలు నడిచింది. పాతది పోయిందా అన్న పరీక్ష పెట్టగానే అవన్నీ ఒక్క స్లైడ్‌గా కుదించుకుపోయాయి. ఆ పైన ఓసీఆర్‌తో స్లైడ్ తలకట్టు చదివించి, వరసగా ఒకే తలకట్టు ఉన్నవాటిని కలిపేశాను. పది పన్నెండు హద్దులు మిగిలాయి.

ట్రాన్‌స్క్రిప్టులో లోతైన లోయలు తొమ్మిది వచ్చాయి. చాలావాటికి నిమిషం లోపే ఒక స్లైడ్ మార్పు ఉంది, వాటితో పేచీ లేదు. రెంటికి మాత్రం దగ్గర్లో ఏ స్లైడూ మారలేదు. అసలు కథ అక్కడే.

మొదటిది 17:30 దగ్గర. ఎఫ్‌సీఎఫ్‌ఎస్, అంటే ముందొచ్చిన పనిని ముందు చేసే పద్ధతి, చెబుతూ సార్ అందులో వచ్చే కాన్వాయ్ ఎఫెక్ట్ వివరించడానికి ఇరుకు రోడ్డు మీద లారీ వెనక ఇరుక్కున్న బైకుల ఉదాహరణ ఎత్తుకున్నారు. రెండున్నర నిమిషాలు లారీ, బైకు, హారన్ తప్ప ఇంకో మాట లేదు. రెండోది 45:20 దగ్గర. ప్రయారిటీ షెడ్యూలింగ్ స్లైడ్ తెర మీదుండగా ఎవరో విద్యార్థి, తక్కువ ప్రయారిటీ ప్రాసెస్‌కి ఎప్పటికీ వంతు రాకపోతే ఎలా సార్ అని అడిగాడు. సార్ ఆ స్లైడ్ మార్చకుండానే స్టార్వేషన్, దానికి మందుగా ఏజింగ్, వేచి ఉన్నకొద్దీ ప్రయారిటీని ఎలా పెంచాలి అంటూ ఎనిమిది నిమిషాలు చెప్పారు. లెక్చర్ మొత్తానికి అదే మంచి భాగం, పరీక్షల ముందు జనం వెతుక్కునేదీ అదే.

లోయల లోతు చూస్తే రెండూ ఒకలాగే ఉన్నాయి. తేడా ఎక్కడ తెలిసిందంటే, పక్కదారి పట్టిన మాట తిరిగి వెనక్కొచ్చిందా అన్నది చూసినప్పుడు. లారీ ఉదాహరణకు ముందున్న రెండు నిమిషాలనూ, అది అయిపోయాక ఉన్న రెండు నిమిషాలనూ పోలిస్తే బాగా కలిశాయి. మళ్లీ ఎఫ్‌సీఎఫ్‌ఎస్సే, మళ్లీ వెయిటింగ్ టైమే. కాబట్టి అది ఉదాహరణ, చాప్టర్ కాదు. స్టార్వేషన్ దగ్గర మాట పాత దారికి తిరిగి రాలేదు, అక్కణ్నుంచి 53:30కి అన్ని పద్ధతుల పోలికలోకి వెళ్లిపోయింది. కాబట్టి స్లైడ్ మారకపోయినా అక్కడ చాప్టర్ పెట్టాలి. స్లైడ్లే నమ్ముకునే పద్ధతిలో ఈ భాగం ఎప్పటికీ దొరకదు, నాకు ఆ పద్ధతి మీద మనసు విరిగింది ఇలాంటి చోట్లే.

చాప్టర్ ఉండాలని తేలాక దాని మొదలు ఎక్కడ అన్నది ఇంకో పేచీ. ఇదే లెక్చర్‌లో ఎస్‌జేఎఫ్, అంటే అన్నిటికంటే చిన్న పనిని ముందు చేసే పద్ధతి స్లైడ్ 23:41కి వచ్చింది. కానీ సార్ 23:18కే, సరే, మరి చిన్న పనుల్ని ముందు పంపితే ఏమవుతుంది అని మొదలుపెట్టేశారు. స్లైడ్ దగ్గర కోస్తే ఆ ప్రశ్న పాత చాప్టర్‌లో ఉండిపోయి, కొత్తది జవాబుతో మొదలవుతుంది. చూసేవాళ్లకు మధ్యలో వచ్చి కూర్చున్నట్టుంటుంది. అందుకని స్లైడ్ మార్పుకి ముందు అరనిమిషం, తర్వాత పావునిమిషం పరిధిలో మాట ఆగిన చోట్లు `silencedetect=noise=-30dB:d=0.5` ఫిల్టర్‌తో తీసి, కొత్త విషయం మొదటి వాక్యానికి ముందున్న విరామం దగ్గర పెడతాను. ఇక్కడ అది 23:17 అయింది. స్లైడ్ మార్చేసి పాత మాటే ఇంకో పది సెకన్లు చెప్పేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు హద్దు స్లైడ్ మార్పు తర్వాతకి జరుగుతుంది. ఏది వాక్యం మొదలు అన్నది ఇప్పటికీ నేనే విని ఖాయం చేస్తాను. విస్పర్ లాంటి వాటితో తీసిన ట్రాన్‌స్క్రిప్టులో వాక్యాల టైములు ఒకటి రెండు సెకన్లు జరగడం మామూలే. పైగా నిశ్శబ్దం ఉన్న చోట అది ఎవరూ అనని వాక్యాన్ని కూడా పుట్టించగలదు. అలాంటి వాక్యం ఒక దొంగ లోయ తయారుచేస్తుంది.

ఈ పద్ధతి పనికిరాని లెక్చర్లూ ఉన్నాయి. బోర్డు మీద రాసే క్లాసుల్లో స్లైడ్ సగం ఆధారం లేనట్టే, బోర్డు తుడిచిన చోట్లను పట్టుకోవాలని చూసినా లెక్చరర్ మధ్యలో నిలబడి అడ్డొస్తూ ఉంటారు. లైవ్ కోడింగ్ ఇంకా ఘోరం, తెర ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. వాటికి ట్రాన్‌స్క్రిప్టు ఒక్కటే తీసుకుని చేత్తో సరిదిద్దుకుంటున్నాను. స్లైడ్లున్న మామూలు క్లాసుకి మాత్రం చివర్లో పావుగంట విని సరిచూస్తే సరిపోతోంది.

వీడియో ఫైల్లోనే చాప్టర్లు ఎక్కించడానికి ఇలా ఒక టెక్స్ట్ ఫైలు రాస్తాను. టైములు మిల్లీసెకన్లలో ఉండాలి, ప్రతి చాప్టర్‌కీ ఒక `[CHAPTER]` భాగం ఉండాలి.

```
;FFMETADATA1
[CHAPTER]
TIMEBASE=1/1000
START=1397000
END=2030000
title=ఎస్‌జేఎఫ్
```

```
ffmpeg -i lecture.mp4 -i chapters.txt -map_metadata 1 -codec copy out.mp4
```

`-codec copy` ఉంది కాబట్టి వీడియో మళ్లీ ఎన్‌కోడ్ అవదు, కాసేపట్లో అయిపోతుంది. యూట్యూబ్‌కి అయితే డిస్క్రిప్షన్‌లో టైములు వరసగా రాస్తే చాలు. కాకపోతే మొదటిది 00:00 అయి తీరాలి, కనీసం మూడు ఉండాలి, ఏదీ పది సెకన్ల కంటే చిన్నదిగా ఉండకూడదు. లెక్చర్ మొదట్లో హాజరు తీసుకునే నాలుగు నిమిషాలు ఎవరికీ అక్కర్లేకపోయినా, ఆ 00:00 కోసం దానికీ ఒక పేరు పెట్టక తప్పడం లేదు.