పడమటి బెడ్రూమ్‌కి ఏది మేలు: ఒంటి బ్లాకౌట్ గుడ్డా, విడి లైనింగా?

బెజవాడలో పడమటి గోడకి కిటికీ ఉన్న బెడ్రూమ్ మే నెలలో ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. సాయంత్రం ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి సన్‌షేడ్ దాన్ని ఆపలేదు. పటమటలో మా అక్క వాళ్ల ఫ్లాట్ అలాంటిదే. అక్క నన్ను అడిగింది ఒక్కటే, రెండిట్లో ఏది కొనాలని.

మొదటిది ఒంటి బ్లాకౌట్ గుడ్డ. మధ్యలో నల్లదారం పెట్టి నేసిన దళసరి పాలిస్టర్ ఇది. వెలుతురు చాలావరకు ఆపుతుంది, చక్కగా మడత పడుతుంది, ఇంట్లోనే ఉతుక్కోవచ్చు. చిక్కల్లా దాని రంగుతోనే. సాధారణంగా రెండువైపులా ఒకే రంగు. ముదురు మెరూన్ తీసుకుంటే అద్దం వైపు కూడా మెరూనే ఉంటుంది. ఎండని అది పీల్చుకుని వేడెక్కి, ఆ వేడిని గదిలోకే వదులుతుంది. గది చీకటిగా ఉన్నా ఉక్క తగ్గదు.

రెండోది నచ్చిన కాటన్ కర్టెన్, దాని వెనక విడిగా తెల్లటి పూత ఉన్న బ్లాకౌట్ లైనింగ్. తెలుపు అద్దం వైపు ఉండటంతో లోపలికొచ్చిన ఎండలో కొంత అద్దం గుండా బయటికే తిరిగి పోతుంది. పడమటి కిటికీకి నా ఓటు దీనికే. ఉత్తరపు కిటికీకో, రాత్రి వీధిలైటు బాధకో అయితే మొదటిది చాలు, ఇంత ఖర్చు అక్కర్లేదు.

అక్క కిటికీ 5 అడుగుల వెడల్పు. రెండు పక్కలా 9 అంగుళాలు వదిలి, 78 అంగుళాల రాడ్డు అనుకున్నాం. కుచ్చు బాగా రావాలంటే కర్టెన్ గుడ్డ దానికి రెట్టింపు, అంటే 156 అంగుళాలు కావాలి. 54 అంగుళాల పన్నాలో మూడు పొడవులు. లైనింగ్‌కి అంత కుచ్చు అక్కర్లేదు, రెక్కకొకటి చొప్పున రెండు పొడవులు సరిపోయాయి. దాంతో లైనింగ్ మధ్యలో అతుకు కూడా రాలేదు. పూత గుడ్డ మీద ప్రతి సూదిపోటూ ఎండలో చుక్కలా మెరుస్తుంది కాబట్టి కుట్టు ఎంత తగ్గితే అంత మంచిది.

లైనింగ్‌ని వెనక వేరే రాడ్డుకి కొక్కేలతో వేలాడదీయమనండి. రింగులు వద్దు, వాటి అలల మధ్య పైనుంచి వెలుతురు కారుతుంది. అద్దానికీ గుడ్డకీ మధ్య కాగిన గాలి కూడా పైనుంచే గదిలోకి దిగుతుంది. అందుకే రాడ్డుని కిటికీ పైన అర అడుగు ఎత్తులో పెట్టించి, లైనింగ్ బయటి అంచుల్ని వెల్‌క్రోతో గోడకి అంటించాం.

పూతకి వేడినీళ్లు, పిండటం, ఇస్త్రీ పడవు. పగిలి రాలిపోతుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు. కాటన్‌ని మాత్రం విప్పి ఉతుక్కోవచ్చు.

వన్‌టౌన్‌లో కొనేటప్పుడు గుడ్డ వెనక ఫోన్ టార్చ్ పెట్టి చూడండి. నేతలోంచి వెలుగు కనిపిస్తే అది పూర్తి బ్లాకౌట్ కాదు. పూత ఉన్న గుడ్డని మూల దగ్గర గట్టిగా నలిపి, మళ్లీ టార్చ్ పెట్టండి. గీతలు కనిపిస్తే ఆ థాన్ వద్దని చెప్పేయండి.