సెమాంటిక్ కాష్: కొన్ని ధాన్యం సీజన్లు వాడాక

శ్రీకాకుళం జిల్లా రైతులు ధాన్యం కొనుగోలు గురించి అడిగేవాటికి ఉత్తర్వులూ మార్గదర్శకాలూ వెతికి తెలుగులో జవాబిచ్చే వ్యవస్థ మాది. దానికి ముందు సెమాంటిక్ కాష్ పెట్టి వాడుతున్నాం. ఖరీఫ్ రద్దీ, రబీ కొనుగోళ్లు, నడుమ మద్దతు ధర మారడం, అన్నీ దాని మీదుగానే వెళ్లాయి. ముందే తేల్చి చెప్పేస్తే, తీసెయ్యాలని మాకు లేదు. కాకపోతే ఈ సరుకు గురించి చెప్పేవాళ్లంతా చూపించే మీట, అంటే రెండు ప్రశ్నలు ఎంత దగ్గరగా ఉంటే ఒకటే అనుకోవాలో చెప్పే సారూప్యత హద్దు, తప్పు జవాబుల్ని ఆపదు. ఆపేవి వేరే ఉన్నాయి.

ఇది చేసే పని చిన్నదే. ఒకరు "ధాన్యం రేటేటి?" అంటారు, ఇంకొకరు "వరికి మద్దతు ధర ఎంత?" అంటారు, మరొకరు "గవర్నమెంటోళ్లు క్వింటాకి ఎంతిత్తన్నారు?" అంటారు. మూడూ ఒకటే ప్రశ్న. మొదటిసారి పత్రాలు వెతికి మోడల్‌తో రాయించిన జవాబును, ప్రశ్న అర్థాన్ని అంకెల వరసగా మార్చిన వెక్టర్‌తో సహా దాచుకుని, రెండోసారి దగ్గరి ప్రశ్న వస్తే దాన్నే తీసి ఇస్తుంది. మామూలుగా కొన్ని సెకన్లు పట్టేది రెప్పపాటులో వస్తుంది, మోడల్ ఖర్చు ఉండదు. నవంబరు, డిసెంబరుల్లో కోతలయ్యాక అందరూ ఇవే నాలుగైదు విషయాలు అడుగుతారు కాబట్టి లాభం అప్పుడే కనిపిస్తుంది. మిగతా నెలల్లో ఉన్నా లేనట్టే.

మేం వాడుతున్నది పోస్ట్‌గ్రెస్‌లో `pgvector`, ఎంబెడింగ్‌కి `multilingual-e5-base`, అంటే 768 అంకెల వెక్టర్. ఈ మోడల్‌కి ప్రశ్న ముందు `query: ` అని చేర్చి పంపాలి. దాచేటప్పుడూ వెతికేటప్పుడూ రెండుచోట్లా అదే ఉండాలి. ఒకచోట మర్చిపోతే ఎర్రర్ రాదు, స్కోర్లు మాత్రం చెడతాయి. కాష్‌లో ఉండేది కొన్ని వేల వరుసలే కాబట్టి, అంచనాతో వేగంగా వెతికే హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ ఇండెక్స్ కట్టకపోవడమే మేలు. ఆ ఇండెక్స్ కడితే `WHERE` షరతులు ఇండెక్స్ వెతుకులాట అయ్యాక పడతాయి. కావాల్సిన వరుస ఉండి కూడా దొరకని సందర్భాలు వస్తాయి. ఇండెక్స్ లేకపోతే అన్నీ చూస్తుంది, ఈ పరిమాణంలో ఆలస్యం తెలియదు.

ఇక హద్దు సంగతి. ఈ5 కుటుంబం మోడళ్ల కొసైన్ స్కోర్లు ఎక్కువగా 0.7కీ 1.0కీ మధ్యే ఇరుకుతాయి. దాన్ని తయారుచేసినవాళ్లే ఆ మాట చెప్పారు. అందుకని ఇంకో మోడల్‌కి ఎవరో సిఫారసు చేసిన 0.85 తెచ్చి ఇక్కడ పెడితే దాదాపు ఏదడిగినా హిట్టే, అంటే దాచిన జవాబే వచ్చేస్తుంది. రెడిస్ వాడేవాళ్లకు ఇంకో గుంట ఉంది. అక్కడ `distance_threshold` అనేది సారూప్యత కాదు, దూరం. 0.9 సారూప్యత కావాలంటే 0.1 రాయాలి. 0.9 అని రాస్తే తలుపులు బార్లా తెరిచినట్టే.

అసలు చిక్కు అంకె ఎంతన్నది కాదు. ఈ జత చూడండి: "ఏ గ్రేడ్ ధాన్యం క్వింటా మద్దతు ధర ఎంత?", "సాధారణ రకం ధాన్యం క్వింటా మద్దతు ధర ఎంత?". 2025-26కి మొదటిదాని జవాబు 2,389 రూపాయలు, రెండోదానిది 2,369. ఒక్క మాటే తేడా కాబట్టి వెక్టర్లు పక్కపక్కనే పడతాయి. అదే "ధాన్యం రేటేటి?", "వరికి మద్దతు ధర ఎంత?" అన్నవి ఒకటే ప్రశ్న అయినా ఒక్క మాటా కలవదు, యాస వేరు, కాబట్టి అంతకంటే దూరంగా పడతాయి. కలవాల్సినవి దూరంగానూ, కలవకూడనివి దగ్గరగానూ ఉంటే మధ్యలో గీత ఎక్కడ గీస్తారు? హద్దు పెంచితే యాసలో అడిగినవాళ్లకు కాష్ ఎప్పుడూ తగలదు. తగ్గిస్తే ఏ గ్రేడ్ రైతుకి క్వింటాకి ఇరవై రూపాయలు తక్కువ చెబుతుంది.

"క్వింటాకి ఎంత", "80 కేజీల బస్తాకి ఎంత" అన్నదీ ఇంతే. 2025-26లో సాధారణ రకానికి బస్తా లెక్క 1,895 రూపాయల 20 పైసలు. "తేమ 17 శాతం దాటితే తీసుకుంటారా", "17 లోపుంటే తీసుకుంటారా" అన్న జత అన్నిటికంటే ప్రమాదం. పరిమితి 17 శాతం, అంకె రెండిట్లోనూ ఉంది, జవాబులు తలకిందులు. తెలుగులో కాదనే అర్థం క్రియ చివర్లో ఇమిడిపోతుంది కాబట్టి కొంటారు, కొనరు అన్న తేడా కూడా వెక్టర్‌లో పలచబడిపోతుంది.

అందుకే సారూప్యతను చివరికి నెట్టాం. ముందు ప్రశ్నలోంచి సీజన్, గ్రేడ్, కొలత, అడిగిన అంశం, అందులోని అంకెలూ వాటి దిక్కూ (దాటితే, లోపుంటే) తీస్తాం. ఇవి అక్షరాలా కలిసిన వరుసల్లోనే వెక్టర్ పోలిక జరుగుతుంది:

```sql
SELECT answer, question, 1 - (qvec <=> $1) AS sim
FROM qa_cache
WHERE season = $2 AND grade = $3 AND unit = $4
  AND topic = $5 AND cond = $6
ORDER BY qvec <=> $1
LIMIT 1;
```

ఈ గళ్లలో ఏదీ `NULL` ఉండకూడదు. `NULL = NULL` నిజం కాదు కాబట్టి అలాంటి వరుస ఎన్నటికీ తగలదు, ఎందుకు తగల్లేదో కూడా తెలియదు. చెప్పనిదానికి `na` అని రాస్తాం. ఇలా గళ్లు కట్టాక హద్దును ధైర్యంగా తగ్గించుకోవచ్చు, యాస ప్రశ్నలూ తగులుతాయి.

గళ్లు నింపే పని సగం మామూలు పదాల పట్టికతోనే అయిపోతుంది. పదిహేడు అన్నా 17 అన్నా ఒకటే చేయాలి. "గ్రేడ్ ఏ", "ఏ గ్రేడ్", "ఎ గ్రేడు" అన్నీ కలపాలి. అక్కడే ఒక ఇరకాటం: "స్వర్ణ ఏ గ్రేడ్?" అంటే ఏ గ్రేడ్ ధర అడగడం కాదు, ఏ గ్రేడులోకి వస్తుందని. పట్టిక దాన్ని ఏ గ్రేడ్‌గా రాసేస్తుంది. ఇలా రెండర్థాలు వచ్చేవి, రకం పేరుతో వచ్చేవి (శ్రీకాకుళం సన్నాలు, అంటే ఆర్‌జీఎల్ 2537, ఇక్కడ తరచూ వస్తుంది) కాష్ దగ్గరికి రానివ్వం, నేరుగా పూర్తి వెతుకులాటకే పంపుతాం. హిట్లు కొన్ని పోతాయి, పోనీ.

పాతబడిన జవాబుల విషయంలో ఎక్కువమంది చెప్పే మందు గడువు: ఇన్ని గంటలకు వరుస చెరిగిపోవాలి. ధాన్యం ధర విషయంలో అది దేనికీ పనికిరాదు. ఏడాదంతా మారని ధర రోజూ చెరిపి మళ్లీ రాయించడం దండగ, మారిన రోజున మాత్రం ఆ గడువు తీరేదాకా తప్పే చెబుతుంది.

2025 మే, జూన్ తీసుకోండి. మే 28న కేంద్ర మంత్రివర్గం 2025-26 ధర ప్రకటించింది, సాధారణ రకం 2,369. అది అక్టోబరులో మొదలయ్యే సీజన్‌ది. జూన్‌లో రబీ ధాన్యం చేతిలో ఉన్న రైతుకి వర్తించేది 2024-25 ధరే, 2,300. ఆ నెలలో "ఇప్పుడు మద్దతు ధర ఎంత?" అంటే 2,300 సరైన జవాబు. "వచ్చే పంటకి ఎంత?" అంటే 2,369. కొత్త ఉత్తర్వు రాగానే ధర వరుసలన్నీ తుడిచేసి కొత్తవి రాయించినవాళ్లు రబీ రైతులకు తప్పు చెబుతారు, తుడవనివాళ్లు ఖరీఫ్ నాట్లకి సిద్ధమయ్యేవాళ్లకు తప్పు చెబుతారు. అందుకే "ఇప్పుడు", "ఈ ఏడాది", "ఈసారి" అన్న మాటల్ని కాష్ చూడకముందే తేదీని బట్టి `2024-25` లాంటి సీజన్‌గా మార్చాలి. అది చేశాక రెండు జవాబులూ పక్కపక్కన ఉండొచ్చు, ఏదీ పాతబడదు.

సీజన్‌కి కట్టుబడని నియమాలకు వేరే పద్ధతి. ఏ పత్రంలోని ఏ ముక్కల నుంచి జవాబు వచ్చిందో వాటి హ్యాష్‌లు వరుసలో దాస్తాం. పత్రం మారితే హ్యాష్ మారుతుంది, ఆ వరుస పోతుంది. వినడానికి నిండుగా ఉంది కానీ ప్రభుత్వ ఉత్తర్వులు అలా రావు. పాత ఉత్తర్వును దిద్దరు, దాని మీద కొత్తది వేస్తారు. పాత ముక్క చెక్కుచెదరదు, హ్యాష్ అదే, తప్పు జవాబు నిక్షేపంగా ఉంటుంది. "ఈ వివరం పత్రాల్లో లేదు" అని దాచిన జవాబైతే మరీను. దానికి ముక్కలే లేవు, దేన్నిబట్టి చెరపాలి? మేం అలాంటివి దాచడమే మానేశాం.

మిగతావాటికి, కొత్త పత్రం చేరినప్పుడల్లా కాష్‌లోని ప్రశ్నలన్నిటికీ వెతుకులాట ఒక్కటి మళ్లీ నడుపుతాం, మోడల్‌తో రాయించం. కొత్త పత్రంలోని ముక్క ఏదైనా మొదటి ఐదింట్లోకి వస్తే ఆ వరుస తీసేస్తాం. వెక్టర్లు ముందే ఉన్నాయి కాబట్టి ఖర్చు లెక్కలోకి రాదు. రైతు భరోసా కేంద్రాలు రైతు సేవా కేంద్రాలుగా మారినట్టు పేర్లు మారినప్పుడు మాత్రం ఇదొక్కటీ చాలదు. పాత పేరుతో ఉన్న జవాబుల్ని పేరు పట్టి వెతికి తీసెయ్యాల్సిందే.

హద్దుకీ గళ్లకీ అందని ఇంకో తప్పు ఉంది. "నా ధాన్యం డబ్బులు పడ్డాయా?" అని ఇద్దరు రైతులు అక్షరం పొల్లుపోకుండా అడుగుతారు. సారూప్యత 1. జవాబు మాత్రం ఎవరిది వారిదే. ఇలాంటివి దాచడం వల్ల తప్పే కాదు, ఒకరి ఖాతా సంగతి ఇంకొకరికి చెప్పినట్టవుతుంది. నా, మా, ఖాతా, టోకెన్, పడ్డాయా వంటి మాటలుంటే చదవడమూ రాయడమూ రెండూ ఆపాలి. "మరి ఏ గ్రేడుకో?" అని ముందు మాట మీద ఆధారపడే ప్రశ్న కూడా అంతే. దాన్ని పూర్తి వాక్యంగా తిరగరాశాకే కాష్‌కి చూపించాలి.

కొన్ని అమరికల్లో హిట్ తగిలిన కొత్త ప్రశ్నను కూడా అదే జవాబుతో కొత్త వరుసగా చేర్చుకునే వెసులుబాటు ఉంటుంది. ఆపెయ్యండి. మొదటిదానికి రెండోది దగ్గర, రెండోదానికి మూడోది దగ్గర, అలా జరుగుతూ నాలుగోదానికి మొదటిదానితో పొంతన ఉండదు.

తప్పు హిట్‌ను పట్టుకోవడమే కష్టం. అది ఎర్రర్ కాదు, వేగంగా వచ్చిన చక్కటి తెలుగు వాక్యం. లాగ్‌లో వచ్చిన ప్రశ్న, కాష్‌లో దానికి తగిలిన ప్రశ్న, స్కోరు మూడూ పక్కపక్కన రాస్తేనే కంటికి ఆనుతుంది. వారానికోసారి స్కోరు హద్దుకు ఆనుకుని ఉన్నవి కాకుండా, బాగా ఎక్కువ స్కోరున్నవి చూడండి. తప్పులు అక్కడే దాక్కుంటాయి. హిట్లలో నూటికి ఐదింటిని చాటుగా పూర్తి వెతుకులాటకి కూడా పంపి, రెండు జవాబుల్లోని అంకెల్ని మాత్రం పోలుస్తాం. వాక్యాలు ఎలా తేడా పడినా ఫరవాలేదు, 2,369కీ 2,389కీ తేడా వస్తే ఆ వరుస అప్పుడే పోతుంది. అదే మనిషి నిమిషంలోపు మాటలు మార్చి మళ్లీ అడిగినా అనుమానించాలి. మొదటి హిట్ అతనికి నప్పలేదన్నమాట.

పోలికకు, రెండు ప్రశ్నల్నీ కలిపి ఒకేసారి చదివే క్రాస్ ఎన్‌కోడర్ పెట్టి హిట్‌ను రెండోసారి సరిచూడటమూ చేశాం. గళ్లు కట్టకముందు బాగా పనికొచ్చింది. కట్టాక అది అదనంగా పట్టుకున్నవి పెద్దగా లేవు, తీసుకునే సమయం మాత్రం తగ్గలేదు, తీసేశాం. అంకెలూ రకాలూ కొలతలూ ఇంతగా లేని పత్రాలైతే, ఉదాహరణకి పథకం ఎవరికి వర్తిస్తుంది లాంటి వివరణలైతే, గళ్లు కట్టడానికి పెద్దగా ఏమీ ఉండదు. అక్కడ క్రాస్ ఎన్‌కోడరే దిక్కు.